టీసీఎఫ్ కెనడా: రోజూ సాయంత్రం రెండు గంటలే ఖాళీ, ఎన్‌సీఎల్‌సీ 7 దాకా ఎలా?

చిరుగాలి
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా వారానికి ఐదు రోజులు చదవగలను. శని, ఆదివారాలు ఇంటి పనులకే సరిపోతాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఫ్రెంచ్‌లో ఏ2 పూర్తయింది. కెనడా పీఆర్ కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ ఉంది, ఒంటరిగానే దరఖాస్తు. ఇంగ్లీషులో నాలుగు విభాగాల్లోనూ కెనడా కొలతలో సీఎల్‌బీ 9 వచ్చింది. ఫ్రెంచ్‌కి అలాంటి కొలతే ఎన్‌సీఎల్‌సీ, టీసీఎఫ్ కెనడా పరీక్ష రాసి అందులో 7 తెచ్చుకోవాలి. రెండు ప్రశ్నలు: ఎన్ని నెలలు పెట్టుకోవాలి, ఆ రెండు గంటల్ని ఎలా పంచుకోవాలి? "రోజూ ప్రాక్టీస్ చెయ్యండి" లాంటి జవాబులు ఇప్పటికే చాలా విన్నాను, దయచేసి వివరంగా చెప్పండి.

బ్యాక్‌బెంచ్
బ్రో, అంత టెన్షన్ వద్దు. బీ2 పాసైతే చాలు, అదే ఎన్‌సీఎల్‌సీ 7. డెల్ఫ్ బీ2 రాసెయ్, ఆ సర్టిఫికెట్‌కి కాలపరిమితి కూడా లేదు. టీసీఎఫ్ అయితే రెండేళ్లకే చెల్లిపోతుంది.

ఒట్టావా_వాసి
డెల్ఫ్‌కి కాలపరిమితి లేదన్న మాట నిజమే, కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి అది చెల్లదు. ఫ్రెంచ్‌కి టీఈఎఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా, ఈ రెండే తీసుకుంటారు. "కెనడా" అన్న మాట కూడా ఉండాలి. మామూలు టీసీఎఫ్‌కి స్లాట్ కట్టేసి, ఫలితం చేతికొచ్చాక ప్రొఫైల్‌లో పెట్టలేక మళ్లీ డబ్బు కట్టినవాళ్లు ఉన్నారు. బుక్ చేసే పేజీలో పరీక్ష పూర్తి పేరు ఒకటికి రెండుసార్లు చదువుకోండి.

లెక్కలమాస్టారు
ముందు అసలు ఎందుకు 7 కావాలో లెక్క చూద్దాం, అప్పుడే సాయంత్రాల్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుస్తుంది.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ర్యాంకింగ్‌లో ఒంటరి దరఖాస్తుదారుకి రెండో భాష కింద ఒక్కో విభాగంలో ఎన్‌సీఎల్‌సీ 7 వస్తే 3 పాయింట్లు, నాలుగింటికి 12. నాలుగింటిలోనూ 7 ఉండి, ఇంగ్లీషులో అన్నీ సీఎల్‌బీ 5 కానీ అంతకన్నా ఎక్కువ కానీ అయితే, అదనంగా 50. మొత్తం 62.

ఇప్పుడు మూడింట్లో 7 వచ్చి, వినడంలో మాత్రం 6 వచ్చిందనుకోండి. 6కి ఒకటే పాయింటు. అంటే 3+3+3+1, పది. ఆ 50 పూర్తిగా పోతుంది, సగం ఇవ్వరు. పైగా పీఆర్ ఆహ్వానాల కోసం ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి విడిగా తీసే డ్రాలకి కూడా నాలుగింటిలో 7 తప్పనిసరి కాబట్టి అందులోంచీ బయటే. ఆ డ్రాల కటాఫ్ 2024 ఫిబ్రవరి ఆఖర్లో 336, 2025 మార్చిలో 379. మామూలు డ్రాలు 500 పైన నడిచిన రోజులవి.

కాబట్టి సగటు ఎంత వచ్చిందన్నది ఇక్కడ పనికిరాదు. మీ నాలుగింటిలో ఏది అన్నిటికన్నా వెనక ఉందో అదే మీ స్కోరు.

ఫ్రెంచ్_పాఠం
మాస్టారు చెప్పింది సరిగ్గా చెప్పారు. దానికి ఇంకొకటి కలుపుతాను, ఎందుకంటే "బీ2 అంటే ఎన్‌సీఎల్‌సీ 7" అన్న మాట చాలామందిని ముంచుతోంది.

టీసీఎఫ్‌లో వినడం, చదవడం 699కి వేస్తారు. బీ2 అన్నది 400 దగ్గర మొదలై 499 దాకా ఉంటుంది. కానీ వినడంలో ఎన్‌సీఎల్‌సీ 7 మొదలయ్యేది 458 దగ్గర, చదవడంలో 453 దగ్గర. అంటే 430 వచ్చినవారు కాగితం మీద బీ2, ప్రొఫైల్‌లో మాత్రం 6. రాయడం, మాట్లాడటంలో ఈ తేడా లేదు, 20కి 10 వస్తే బీ2, అదే ఎన్‌సీఎల్‌సీ 7. మీరు గురి పెట్టాల్సింది బీ2 గడప మీద కాదు, వినడంలో, చదవడంలో బీ2 పై సగం మీద.

ఇక నెలల సంగతి. బీ2 చేరడానికి మొదటి నుంచి మొత్తం 500 నుంచి 650 గంటలు అని సాధారణంగా లెక్కేస్తారు. ఏ2 దాటడానికి 200 పోయాయనుకుందాం. మిగిలింది 300 నుంచి 450. మీ చేతిలో వారానికి 10 గంటలు. అంటే 30 నుంచి 45 వారాలు. పండగలు, ఆఫీసులో రిలీజులు, జలుబులు తీసేస్తే పది, పదకొండు నెలలు పెట్టుకోండి. "నాలుగు నెలల్లో ఏ1 నుంచి ఎన్‌సీఎల్‌సీ 7" అనే కోర్సులు పొద్దంతా చదివేవాళ్లకి ఏమో కానీ మీ టైమ్‌టేబుల్‌కి కుదరవు.

చిరుగాలి
పదకొండు నెలలా! ఆరు అనుకుని ఉన్నానండీ. నా ఐఈఎల్‌టీఎస్ రాసి ఇప్పటికే పద్నాలుగు నెలలు అయింది.

ఒట్టావా_వాసి
అయితే ముందు ఆ సంగతి చూసుకోండి. భాషా ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ప్రొఫైల్ పెట్టిన రోజునే కాదు, పీఆర్ దరఖాస్తు సమర్పించే రోజున కూడా గడువు మిగిలి ఉండాలి. పదకొండు నెలలు ఫ్రెంచ్‌కి పోతే మీ ఇంగ్లీషు గడువు అప్పటికే అయిపోతుంది. ఫ్రెంచ్ పరీక్షకి రెండు నెలల ముందో, ఫలితం వచ్చిన వెంటనేనో ఇంగ్లీషు మళ్లీ రాయడానికి ఒక వారం, దాని ఫీజు, ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

పెద్దాపురం_పిల్ల
నాకో సందేహం. మా ఆయన ఫ్రాన్స్‌లో ఉన్నారు, అక్కడ పౌరసత్వానికి బీ2 అడుగుతున్నారట. నేను కూడా ఈ టీసీఎఫ్ కెనడానే రాస్తే సరిపోతుందా? నాకూ సాయంత్రాలే ఖాళీ.

ఒట్టావా_వాసి
లేదమ్మా, అది వేరే దారి. ఫ్రాన్స్‌లో 2026 జనవరి నుంచి పౌరసత్వానికి బీ2, పదేళ్ల రెసిడెంట్ కార్డుకి బీ1 అడుగుతున్నారు. దానికి టీసీఎఫ్‌లోనే ఐఆర్‌ఎన్ అనే రకం ఉంది, డెల్ఫ్ కూడా చెల్లుతుంది. కెనడా కోసం చేసిన పరీక్ష దానికి రాయకండి. వీలైతే వేరే దారం తెరవండి, ఇక్కడ కలిసిపోతే ఇద్దరికీ గందరగోళం.

ఫ్రెంచ్_పాఠం
చిరుగాలి గారూ, రెండు గంటల పంపకం గురించి. పొద్దంతా పనిచేసి వచ్చిన బుర్రకి రాత్రి ఎనిమిదిన్నరకి ఏది కష్టమో దాన్ని ముందు పెట్టాలి. మనవాళ్లకి అది వినడం. చాలామంది వ్యాకరణం ముందేసుకుని, పది గంటలకి కళ్లు మూసుకుపోతుంటే ఆడియో పెడతారు. అప్పుడు చెవిలో పడేది చప్పుడే.

టీసీఎఫ్ కెనడా వినడంలో 39 ప్రశ్నలు, 35 నిమిషాలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. తేలికగా మొదలై పోనుపోను కష్టమవుతుంది, కష్టమైన ప్రశ్నకి విలువ ఎక్కువ. తప్పు జవాబుకి మార్కు కోత లేదు కాబట్టి ఏదీ ఖాళీ వదలకూడదు. 

రోజూ మొదటి 40 నిమిషాలు ఒకే ఒక్క చిన్న ముక్కకి ఇవ్వండి, నిమిషం నుంచి నిమిషంన్నర నిడివి చాలు. పాఠం రాతలో దొరికే ఆడియోనే ఎంచుకోండి. ఆర్‌ఎఫ్‌ఐ వారి తేలిక ఫ్రెంచ్ వార్తలు రోజూ పది నిమిషాలు వస్తాయి, రాత కూడా ఉంటుంది. టీవీ5 మోండ్ వారి నేర్చుకునే సైట్‌లో స్థాయిల వారీగా ఉంటాయి, అందులోనే టీసీఎఫ్ నమూనా కూడా ఉచితం.

మొదటిసారి ఆపకుండా విని, ఎవరు, ఎక్కడ, ఏమి అడుగుతున్నారు అన్నవి రెండు వాక్యాల్లో రాయండి. రెండోసారి వాక్యం వాక్యం ఆపుతూ, విన్నది విన్నట్టు ఫ్రెంచ్‌లో రాయండి. తర్వాత అసలు రాతతో పోల్చండి. అసలు పని ఇక్కడే మొదలవుతుంది: తప్పిన ప్రతి మాట పక్కన అది ఎందుకు తప్పిందో రాయాలి. కారణాలు మూడే. ఆ మాట అసలు తెలియదు. లేదా చూస్తే తెలుసు కానీ చెవికి అందలేదు. లేదా మాటలన్నీ విన్నా ఆప్షన్ దగ్గర బోల్తా పడ్డారు.

ఒక ముక్కలో పన్నెండు తప్పిపోయాయనుకోండి. ఏ2 దాటినవారిలో తరచూ మూడు మాటలే తెలియనివి, ఏడెనిమిది తెలిసీ వినపడనివి. కానీ ఆ మనిషి సాయంత్రాలన్నీ పదజాలం యాప్‌లో గడుపుతాడు! రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

చిరుగాలి
తెలిసీ వినపడనివి అంటే ఉదాహరణ చెప్పగలరా?

ఫ్రెంచ్_పాఠం
పుస్తకంలో "జె నె సే పా", అంటే నాకు తెలియదు. మామూలు మాటల్లో అది "షేపా" అయిపోతుంది. "ఇల్ ని యా పా", అంటే లేదు, కాస్తా "యాపా". "నె" అన్న ముక్క మాట్లాడేటప్పుడు మాయమవుతుంది కాబట్టి, "కాదు" అన్నది పట్టుకోవాలంటే వెనకున్న "పా" కోసం చెవి పెట్టాలి. ఇంకొకటి "ప్లూ", "ప్లూస్". "ఇంకా కావాలి" అనే అర్థంలో చాలాచోట్ల చివర "స్" పలుకుతుంది, "ఇక లేదు" అన్నప్పుడు ఎప్పుడూ పలకదు. జీతం గురించిన ప్రశ్నలో ఈ ఒక్క "స్" జవాబునే తిరగేస్తుంది.

మనకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఉచ్చారణని తెలుగు లిపిలో రాసుకోవడం. నేను ఇక్కడ రాస్తున్నది ఈ వేదిక కోసమే, మీ నోట్సులో రాసుకోకండి. ఫ్రెంచ్‌లో వీధికి, చక్రానికి మాటలు వేరు, అచ్చు వేరు. తెలుగులో రాస్తే రెండూ "రూ". "పైన", "కింద" రెండూ "దెసూ". ఫ్లాట్ పై అంతస్తుదా కింది అంతస్తుదా అన్న ప్రశ్న పరీక్షలో రావడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. వీధిలోని అచ్చు రావాలంటే "ఈ" అంటూనే పెదవుల్ని "ఊ" లాగా ముందుకి పెట్టాలి. నోటికి ఆ తేడా అలవాటైతే చెవి కూడా త్వరగా పట్టుకుంటుంది. ముక్కుతో పలికే అచ్చులకి మాత్రం మన అరసున్న బాగానే పనికొస్తుంది, నిండు సున్నలా "న్" పలికితేనే తేడా కొడుతుంది.

అంకెలు కూడా. 76 అంటే వాళ్లకి అరవై-పదహారు, 96 అంటే నాలుగిరవైలు-పదహారు. "అరవై" వినగానే 6 రాసేసి, తర్వాత వచ్చే పదహారుతో చిక్కుకుంటారు. అద్దెలు, ఫోన్ నంబర్లు ఇరవై చొప్పున వారానికి రెండుసార్లు డిక్టేషన్ పెట్టుకోండి, పది నిమిషాల పని.

బ్యాక్‌బెంచ్
మేడమ్, ఇంత కష్టం ఎందుకు? మెట్రోలో రానూపోనూ గంటన్నర ఇయర్‌ఫోన్స్ పెట్టి పాడ్‌కాస్ట్ వింటే అదే చెవి అలవాటు పడిపోదూ? నెలకి 30 గంటలు ఊరికే వస్తున్నాయి.

ఫ్రెంచ్_పాఠం
అర్థం కానిది వింటే ఎన్ని గంటలైనా అర్థం కాకుండానే ఉంటుంది. ఆ 30ని నేను లెక్కలో వెయ్యను.

ఒట్టావా_వాసి
ఇక్కడ మీతో పూర్తిగా ఒప్పుకోనండీ. కొత్త పాడ్‌కాస్ట్ అయితే మీ మాటే సరి. కానీ నిన్న రాత్రి కూర్చుని విడగొట్టిన ఆ నిమిషంన్నర ముక్కనే పొద్దున మెట్రోలో ఐదారుసార్లు వింటే, "షేపా"లు అక్కడే కుదురుకుంటాయి. రాత్రి చేసిన పనికి పొద్దున రెండో పూత అన్నమాట. అందుకని పూర్తిగా కొట్టెయ్యకండి. బీ1 దాటాక రేడియో కెనడా కూడా కలపండి, పారిస్ ఉచ్చారణకే అలవాటైన చెవికి క్యూబెక్ మాట మొదట వేరే భాషలా ఉంటుంది.

ఫ్రెంచ్_పాఠం
విడగొట్టిన ముక్కే అయితే సరే. క్యూబెక్ యాసకి ఇప్పుడే సాయంత్రాలు ఖర్చు పెట్టొద్దని మాత్రం అంటాను. టీసీఎఫ్ తయారయ్యేది ఫ్రాన్స్‌లో.

ఒట్టావా_వాసి
దిగాక కావాలి కదా! సరే, మీ క్లాసు మీ ఇష్టం.

లెక్కలమాస్టారు
రాయడం గురించి ఎవరూ మాట్లాడలేదు. గంటలో మూడు పనులు. మొదటిది 60 నుంచి 120 మాటల సందేశం, రెండోది 120 నుంచి 150 మాటల్లో ఒక అనుభవమో వ్యాసమో, మూడోది 120 నుంచి 180. మూడోదాంట్లో ఒకే విషయం మీద ఎదురెదురు అభిప్రాయాలున్న రెండు చిన్న పాఠాలిస్తారు. ముందు వాటి సారం 40 నుంచి 60 మాటల్లో, తర్వాత మీ అభిప్రాయం 80 నుంచి 120 మాటల్లో. సారంలో సొంత అభిప్రాయం కలిపేయడం, పాఠంలో వాక్యాల్ని ఎత్తి రాసేయడం, ఈ రెండే ఎక్కువ మందిని దెబ్బతీస్తాయి.

సమయాన్ని 10, 20, 30 నిమిషాలుగా విడగొట్టండి. మొదటిది తేలిగ్గా ఉందని దానికే ఇరవై పోస్తే మూడోది సగంలో ఆగుతుంది, బీ2 అని చూపించే చోటు అదే.

మాటల లెక్కలో ఒక చిన్న కిటుకు: రెండు ఖాళీల మధ్య ఉన్నదంతా ఒకే మాట. అపోస్ట్రఫీతో అతుక్కున్నవి ఒకటిగానే లెక్క. ఇంట్లో 62 వచ్చిందని సంబరపడితే అక్కడ 57 కావచ్చు. కనీస సంఖ్య మీద పదైనా ఎక్కువ రాసే అలవాటు చేసుకోండి.

పెద్దాపురం_పిల్ల
ఇందాకటిది వేరే దారంలో పెట్టానండీ. ఒక్క మాట చెప్పి వెళ్తాను. మా అక్క కెనడా పరీక్ష కంప్యూటర్ మీద రాసింది. కాగితం మీద రోజూ రాసి ప్రాక్టీస్ చేసింది కానీ, అక్కడ యాక్సెంట్ గుర్తులు ఎక్కడున్నాయో వెతుక్కోవడంలోనే టైమ్ పోయిందంది.

లెక్కలమాస్టారు
మంచి మాట చెప్పారు. ఇంట్లో విండోస్‌లో ఫ్రెంచ్ కీబోర్డు ఇప్పుడే పెట్టుకోండి. కేంద్రానికి మెయిల్ రాసి అక్కడి కీబోర్డు ఏదో అడగండి. ఫ్రాన్స్ పద్ధతిదైతే మన ఏ ఉన్నచోట క్యూ, డబ్ల్యూ ఉన్నచోట జడ్ ఉంటాయి, ఎం కూడా ఎల్ పక్కకి వెళ్తుంది. వారం అలవాటు చేసుకుంటే సరిపోతుంది, పరీక్ష రోజున మొదటిసారి చూస్తే మాత్రం నిమిషానికి నాలుగు మాటలు కూడా పడవు. స్పెల్లింగ్ సరిచేసే సాఫ్ట్‌వేర్‌ని ఆపేసి రాయండి, ఎందుకంటే అక్కడ ఎర్ర గీత రాదు.

చిరుగాలి
మాట్లాడటం ఎవరితో ప్రాక్టీస్ చెయ్యాలి? ఇంట్లో ఎవరికీ ఫ్రెంచ్ రాదు. రాత్రి పదింటికి ట్యూటర్ దొరకరు.

ఫ్రెంచ్_పాఠం
సగం పని ఒంటరిగా అవుతుంది. పరీక్ష 12 నిమిషాలు, మూడు భాగాలు. మొదటిది రెండు నిమిషాల పరిచయం. రెండోది ఐదున్నర నిమిషాలు, అందులో రెండు నిమిషాలు సిద్ధం కావడానికి. పరీక్షాధికారి ఒక పాత్రలో ఉంటారు, మీరే ప్రశ్నలడిగి సమాచారం రాబట్టాలి. మూడోది నాలుగున్నర నిమిషాలు, ముందస్తు సమయం లేకుండా ఒక అంశం మీద మీ అభిప్రాయం.

రెండో భాగంలో మనవాళ్ల తప్పు ఒకటే: పది ప్రశ్నలు రాసుకుని వరుసగా చదివేస్తారు. ఎదుటివారు "కుక్కల్ని ఉంచుకోనివ్వం" అన్నాక కూడా తర్వాతి ప్రశ్న అదే కాగితంలోంచి. ప్రతి మూడు ప్రశ్నలకి ఒకసారైనా వాళ్ల జవాబు పట్టుకుని అడగాలి: "అయితే పిల్లి అయినా కుదరదా?" అని. ఇంట్లో దీనికి ఓ పద్ధతి ఉంది. జవాబులు మీరే ఫోన్‌లో రికార్డు చేసి, వరుస కలిపేసి, ఒక్కొక్కటి వినిపించుకుంటూ దానికి తగిన ప్రశ్న అప్పటికప్పుడు అడగండి. ప్రశ్నలన్నీ "ఎస్ క్యె"తో మొదలైతే ఏ2 లాగే వినపడుతుంది, మూడు రకాలుగా అడగడం రావాలి. ఎదుటి పాత్ర స్నేహితుడైతే "తు", అపరిచితుడైతే "వు". మధ్యలో మారిపోకూడదు.

మూడో భాగం కంఠస్థం చేసుకెళ్లకండి. బట్టీ పట్టిన వాక్యం దగ్గర గొంతు వేగం మారుతుంది, పరీక్షాధికారి వెంటనే కనిపెట్టి అక్కడే ప్రశ్న వేస్తారు. ఇంకొకటి, మాట చివర హల్లుకి మనం తెలియకుండా "ఉ" తగిలిస్తాం, "ఆవెక్"ని "ఆవెక్కు" అంటాం. రికార్డు వింటే తప్ప అది తెలియదు.

ట్యూటర్‌తో వారానికి ఒక్క అరగంట చాలు, అదీ బీ1 దాటాకే. తప్పుల్ని ఆపి సరిదిద్దకుండా, ఆ 12 నిమిషాలూ పరీక్షలాగే నడిపి చివర్లో చెప్పమనండి.

బ్యాక్‌బెంచ్
అయితే టీఈఎఫ్ కెనడానే తేలిక కదా? రాయడం, మాట్లాడటం రెండే రెండు భాగాలు.

ఒట్టావా_వాసి
భాగాలు తక్కువే, కానీ రాతలో రెండోది 200 మాటలకి తగ్గకూడదు. మొదటిదాంట్లో ఒక వార్త మొదలు ఇచ్చి మిగతాది 80 మాటల్లో పూర్తి చెయ్యమంటారు, అంటే భూతకాలాలు రెండూ గట్టిగా రావాలి. మాటల్లో మొదట ఐదు నిమిషాలు ఫోన్‌లో వివరాలడగడం, తర్వాత పది నిమిషాలు స్నేహితుణ్ణి ఒప్పించడం. వాదించడం వచ్చినవారికి అది బాగుంటుంది. చిన్న చిన్న పనులు నయమనుకునేవారికి టీసీఎఫ్.

ఫ్రెంచ్_పాఠం
నేనైతే టీసీఎఫ్ అంటాను. కానీ నా దగ్గర చదివిన వాళ్లలో టీఈఎఫ్‌లోనే గట్టెక్కినవారూ ఉన్నారు. బీ1 దాటాక రెండింటి నమూనాలూ ఒక్కో వారం చేసి చూడండి, ఎవరో చెప్పారని తేల్చుకోకండి.

చిరుగాలి
చాలా థాంక్సండీ. ఇలా అనుకుంటున్నాను: రోజూ మొదటి 40 నిమిషాలు వినడం. మిగతా గంటా ఇరవై నిమిషాల్లో సోమ, గురువారాలు వ్యాకరణం, మంగళవారం రాయడం, బుధవారం మాట్లాడటం, శుక్రవారం చదవడం. సరేనా? స్లాట్ ఇప్పుడే కట్టమంటారా?

ఫ్రెంచ్_పాఠం
శుక్రవారం రాత్రి చదవడం బాగానే ఉంది, అలసటకి తట్టుకునేది అదే. గంటలో 39 ప్రశ్నలు కాబట్టి గడియారం పెట్టుకుని చెయ్యండి. వ్యాకరణానికి రెండు రోజులు బీ1 వరకే. ఆ తర్వాత ఒక రోజు తీసి రాయడానికివ్వండి, రాసిన పేపరు ఎవరైనా దిద్దేలా చూసుకోండి. దిద్దకపోతే తప్పులే గట్టిపడతాయి.

ఒట్టావా_వాసి
స్లాట్ ఇప్పుడే వద్దు. వినే నమూనాలు వరుసగా మూడింట్లో 458 దాటాక కట్టండి, ఒక్కదాంట్లో దాటితే అది అదృష్టం కావచ్చు. కేంద్రాల్లో సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ఎనిమిదో నెల నుంచి వారానికోసారి చూస్తూ ఉండండి. చెన్నై, బెంగళూరు కూడా చూడండి. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా.

పెద్దాపురం_పిల్ల
ఇంటిపేరు ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే ఏం చెయ్యాలండీ? అక్కది అలాగే ఉంది.

ఒట్టావా_వాసి
కేంద్రానికి పాస్‌పోర్టు స్కాన్ పంపి, రిజిస్టర్ చేసేముందే రాతపూర్వకంగా అడగమనండి. ఫోన్‌లో చెప్పిన మాట పరీక్ష రోజున చూపించలేం.